కిరాణా దుకాణం లాయల్టీ కార్డు ప్రకటన: చిన్న బిల్లుల వారిని మరచిపోకుండా పాయింట్లు ఎలా చెప్పాలి

ప్రశ్న: "మాది ఒక కాలనీలో చిన్న కిరాణా దుకాణం. వచ్చే నెల నుంచి లాయల్టీ కార్డు పెడుతున్నాం. ప్రతి 100 కొనుగోలుకు 1 పాయింటు, 100 పాయింట్లు చేరితే బిల్లులో 200 తగ్గింపు, పాయింట్లకు గడువు మూడు నెలలు అనుకున్నాం. మా సగటు లాభం నూటికి 12. దీన్ని పరిచయం చేస్తూ ఒక పోస్టు రాయాలి. పాయింట్లు, బహుమతులు ఎలా వివరిస్తే జనానికి బాగా అర్థమవుతుంది?"

సమాధానం:

నమస్కారం. చాలా ఏళ్లుగా చిన్న దుకాణాలకు బిల్లింగ్, కార్డు పథకాలు అమర్చే పనిలో ఉన్నాను. మీరు పోస్టు గురించి అడిగారు కానీ, నేను ముందు పథకం దగ్గరే ఆగుతాను. పోస్టు అర్థం కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం భాష కాదు, దాని వెనుక ఉన్న లెక్క. మీరు చెప్పిన లెక్కను ఎంత చక్కటి మాటల్లో రాసినా, మీ దగ్గరకు రోజూ వచ్చేవారికి అది పనికిరాదు. ఎందుకో అంకెలతోనే చూద్దాం. ఎక్కడి డబ్బుకైనా లెక్క ఒకటే కాబట్టి ఉత్త అంకెలే వాడతాను.

మీ దుకాణానికి వచ్చే ముగ్గురిని తీసుకోండి. మొదటిది వారానికోసారి వచ్చి 1,250 బిల్లు చేసే కుటుంబం. అంటే నెలకు దాదాపు 5,000. రెండో వ్యక్తి ఇంటికి వెళ్తూ రోజూ ఆగి, 90 చొప్పున కొనే ఉద్యోగి. ఆయనది నెలకు 2,700. మూడోవారు ఒంటరిగా ఉండే పెద్దావిడ. వారానికి మూడుసార్లు వచ్చి 40 చొప్పున తీసుకుంటారు, నెలకు సుమారు 480.

ఇప్పుడు మీ నియమం వీరికి వర్తింపజేయండి. 100కు 1 పాయింటు అన్నారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా ప్రతి బిల్లునూ విడిగా చూసి, 100 నిండని భాగాన్ని వదిలేస్తుంది. వారానికోసారి వచ్చే కుటుంబానికి ఒక్కో బిల్లుకు 12 పాయింట్లు వస్తాయి, 50 వృథా అవుతుంది. నాలుగు వారాలకు 48 పాయింట్లు. తొమ్మిదో బిల్లుకు, అంటే మూడో నెల మొదట్లో, 100 దాటుతారు. వీరికి పథకం పనిచేసినట్టే. రోజూ 90 బిల్లు చేసే ఉద్యోగికి ఎన్ని పాయింట్లు? ఒక్కటీ రాదు. ఏడాది పొడవునా రోజూ వచ్చినా సున్నాయే. పెద్దావిడకూ అంతే.

కాలనీ దుకాణానికీ పెద్ద సూపర్ మార్కెట్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది. పెద్ద మార్కెట్‌కు జనం జాబితా రాసుకుని వెళ్తారు, బిల్లు పెద్దది. మీ దగ్గరకు ఇంట్లో అయిపోయిన ఒక్క వస్తువు కోసం వస్తారు, బిల్లు చిన్నది, రాకపోకలు ఎక్కువ. మీకు అసలైన విశ్వాసం చూపేది ఆ రోజువారీ మనిషే. పెద్ద మార్కెట్ పథకాన్ని చూసి అదే అచ్చు వాడితే, ఆ మనిషినే బయట పెట్టినట్టవుతుంది. ఆయన కార్డు తీసుకుంటారు, నెల తర్వాత ఎన్ని పాయింట్లు ఉన్నాయని అడుగుతారు, కౌంటరులో అబ్బాయి "ఏమీ లేవండి" అంటాడు. అంతకంటే ఆయనకు కార్డు ఇవ్వకపోవడమే నయం.

బిల్లులన్నీ కలిపి నెలాఖరున లెక్కేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. చూద్దాం. ఉద్యోగికి నెలకు 27 పాయింట్లు వస్తాయి, మూడు నెలలకు 81. నాలుగో నెలలో కొత్త 27 చేరేసరికి మొదటి నెలవి గడువు తీరి పోతాయి. అంటే ఆయన ఖాతా ఎప్పటికీ 81 దాటదు, మీ బహుమతి 100 దగ్గర ఉంటుంది. 100 నిండని భాగం వృథా కాకుండా సరిచేసినా గడువు అడ్డుపడింది. అందుకే కనీస పాయింట్లు, గడువు అనే రెండింటినీ విడివిడిగా నిర్ణయించకూడదు. మీ అతి చిన్న వినియోగదారు నెలకు సంపాదించే పాయింట్లను గడువు నెలలతో గుణించండి. వచ్చిన అంకె కనీస పాయింట్ల కంటే తక్కువైతే ఆ మనిషికి బహుమతి అందదు. ఈ ఒక్క గుణకారం కాగితం మీద చేశాకే పోస్టు రాయడం మొదలుపెట్టండి.

ఇక మీ వైపు లెక్క. 10,000 కొంటే 200 తగ్గింపు అంటే నూటికి 2 వెనక్కి ఇస్తున్నారు. మీ స్థూల లాభం నూటికి 12. అందులోంచి 2 పోతే 10 మిగులుతుంది. మునుపటి లాభమే నిలవాలంటే, కార్డు ఉన్నవారు 100 కొన్నచోట 120 కొనాలి. ప్రతి కార్డుదారూ అయిదో వంతు ఎక్కువ కొంటారని ఆశించడం నా అనుభవంలో అత్యాశ. నూటికి 1 ఇస్తే 11 మిగులుతుంది, అప్పుడు 109 కొంటే చాలు. ఇది సాధించదగ్గది. వేరే దుకాణంలో కొంటున్న ఒకటి రెండు వస్తువులు మీ దగ్గర కొంటే ఆ తేడా పూడుతుంది. వాడుకోని పాయింట్లు మిగులుతాయి కాబట్టి 2 ఇచ్చినా ఖర్చు అంత కాదని కొందరు సలహా ఇస్తారు. ఆ మాట వినకండి. మీ వాళ్లు పాయింట్లు వాడుకోవాలనే మీరు పథకం పెడుతున్నారు. అందరూ అన్నీ వాడుకున్నా తట్టుకోగలిగిన రేటే పెట్టండి.

ఈ రెండు వైపుల లెక్కలూ కలిపి నేను సూచించే పథకం ఇది. ప్రతి 10 కొనుగోలుకు 1 పాయింటు. 200 పాయింట్లు చేరితే బిల్లులో 20 తగ్గింపు. చేరగానే 50 పాయింట్లు ఖాతాలో వేసి ఇవ్వండి. గడువు పాయింటుకు కాదు, ఖాతాకు పెట్టండి: చివరి కొనుగోలు నుంచి 12 నెలలు ఒక్క బిల్లూ లేకపోతేనే పాయింట్లు పోతాయి.

రేటు నూటికి ఒకటే. కానీ 90 బిల్లుకు ఇప్పుడు 9 పాయింట్లు వస్తాయి, 40 బిల్లుకు 4 వస్తాయి. ప్రతి బిల్లుకూ ఎంతో కొంత చేరుతుంది. బిల్లు 97 అయినా వృథా అయ్యేది 7 మాత్రమే. పాత ముగ్గురినీ మళ్లీ చూడండి. ముందే 50 ఉన్నాయి కాబట్టి ఇంకా 150 కావాలి. వారం కుటుంబం రెండో వారంలోనే అందుకుంటుంది. ఉద్యోగి 17వ రోజున అందుకుంటారు. పెద్దావిడకు నెలకు 48 చొప్పున నాలుగో నెలలో అందుతుంది. ఆలస్యమే, కానీ అందుతుంది, మధ్యలో ఏదీ చెరిగిపోదు.

మొదట వేసే ఆ 50 పాయింట్ల గురించి ఒక మాట. జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కార్లు కడిగే ఒక కేంద్రంలో 300 మందికి, కారు కడిగించిన ప్రతిసారీ ఒక ముద్ర వేసే కార్డులు ఇచ్చారు. సగం మందికి 8 ముద్రల ఖాళీ కార్డు, మిగతా సగానికి 10 ముద్రల కార్డు ఇచ్చి అందులో 2 ముందే వేశారు. ఇద్దరికీ కావలసింది 8 ముద్రలే. ఖాళీ కార్డు వారిలో నూటికి 19 మంది పూర్తి చేశారు, ముందే రెండు వేసిన కార్డు వారిలో 34 మంది పూర్తి చేశారు. పని మొదలైపోయిందన్న భావన మనిషిని ముందుకు నడుపుతుంది. మీకు దీని ఖర్చు ఒక కార్డుకు 5 మాత్రమే. పైగా 200 చేరేదాకా వాడుకోలేరు కాబట్టి, 5 కోసం కార్డు తీసుకుని మళ్లీ కనిపించనివారి వల్ల నష్టం ఉండదు.

కనీస పాయింట్లు తక్కువ పెట్టడం వల్ల మీకు ఇంకో మేలు ఉంది. జనం ఖాతాల్లో పేరుకున్న పాయింట్లు మీరు తీర్చాల్సిన బాకీ. పెద్ద సంస్థలు అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15 కింద, పాయింట్లకు సంబంధించిన భాగాన్ని అమ్మకం రోజునే పూర్తి ఆదాయంగా చూపకుండా వాయిదా వేస్తాయి. మీరు అంత చేయనక్కర్లేదు కానీ, బాకీ అన్న స్పృహ ఉండాలి. 200 కుటుంబాలు చేరాయనుకుందాం. మీ మొదటి పథకంలో బహుమతికి కాస్త దూరంలో ఉన్న ఒక్కో ఖాతాలో 200 దాకా విలువ ఉండవచ్చు, మొత్తం 40,000. అందరూ పెద్ద కొనుగోళ్ల సమయంలో ఒకేసారి వాడుకుంటే ఆ వారం మీ గల్లా మీద భారం పడుతుంది. కొత్త లెక్కలో 200 పాయింట్ల లోపు ఖాతాలో ఉండేది 20 లోపే, 200 ఖాతాలకూ కలిపి 4,000 దాటదు. కొందరు వాడకుండా ఇంకా కూడబెట్టుకున్నా, తరచుగా కొద్దికొద్దిగా తీరిపోయే బాకీ అదుపులో ఉంటుంది.

బహుమతిగా వస్తువులు ఇవ్వాలా, తగ్గింపు ఇవ్వాలా అని కూడా ఆలోచిస్తూ ఉంటారు. మొదటి ఏడాది బిల్లులో తగ్గింపే ఇవ్వండి. వస్తువైతే ఏదో ఒక రోజు నిల్వ అయిపోతుంది, ఆ రోజు వచ్చినవారికి మాట తప్పినట్టు అవుతుంది.

ఇప్పుడు పోస్టు. నా పద్ధతి ఏమిటంటే మొదటి వాక్యంలోనే పాయింటు విలువ డబ్బులో చెప్పేయాలి. ఎన్ని పాయింట్లు వస్తాయో చెప్పి, వాటితో ఏమొస్తుందో చెప్పని పోస్టులు చాలా చూశాను. 1,000 పాయింట్లు అని గొప్పగా రాస్తారు, చదివినవారికి అది ఎంతో తెలియదు, కింద వ్యాఖ్యలన్నీ అదే ప్రశ్నతో నిండుతాయి. రెండో విషయం, నియమం పక్కనే ఒక బిల్లు ఉదాహరణ ఉండాలి. అది పెద్ద బిల్లు కాకూడదు, మీ దగ్గర మామూలుగా కనిపించే చిన్న బిల్లు కావాలి. మూడోది, దేనికి పాయింట్లు రావో అదే పోస్టులో, అదే పరిమాణం అక్షరాల్లో ఉండాలి. ఇలా రాసి చూడండి:

"మన దుకాణం కార్డు 1వ తేదీ నుంచి మొదలవుతోంది. మీరు 2,000 కొంటే 20 మీకు తిరిగి వస్తుంది.

మీరు కొనే ప్రతి 10కి 1 పాయింటు మీ ఖాతాలో చేరుతుంది. 200 పాయింట్లు చేరాక, ఆ తర్వాతి బిల్లులో 20 తగ్గించుకోవచ్చు. చేరిన రోజే మీ ఖాతాలో 50 పాయింట్లు వేస్తాం, కాబట్టి మొదటి తగ్గింపుకు ఇంకా 150 చేరితే చాలు.

ఉదాహరణకు మీ బిల్లు 94 అయితే 9 పాయింట్లు వస్తాయి. 10 నిండని మిగులుకు పాయింటు రాదు. రోజూ ఇంతే కొన్నా 17 రోజుల్లో మీ మొదటి తగ్గింపు సిద్ధంగా ఉంటుంది.

కార్డు ఉచితం. కౌంటరులో మీ పేరు, ఫోను నంబరు చెబితే చాలు. ఆ నంబరు పాయింట్ల ఖాతా కోసం మాత్రమే వాడతాం. కొత్త సరుకుల గురించి సందేశాలు కావాలంటే విడిగా చెప్పండి, అడగనివారికి పంపం. ఇంట్లో అందరూ ఒకే కార్డు వాడుకోవచ్చు.

బిల్లు వేసే ముందు కార్డు చూపండి లేదా నంబరు చెప్పండి. మరచిపోతే అదే రోజు బిల్లు తెస్తే పాయింట్లు వేస్తాం, మర్నాటి నుంచి కుదరదు. తగ్గింపు వాడుకునేటప్పుడు మాత్రం కార్డు లేదా మీ ఫోనుకు వచ్చే ఓటీపీ తప్పనిసరి.

పొగాకు ఉత్పత్తులకు, ఫోను రీఛార్జికి, ఇతరుల తరఫున మేము కట్టించుకునే బిల్లులకు పాయింట్లు రావు. వాటి అరల దగ్గర, కౌంటరు దగ్గర ఈ మాట రాసి ఉంటుంది. తగ్గింపు పోను మీరు చెల్లించిన మొత్తానికే పాయింట్లు. వస్తువు వాపసు ఇస్తే దాని పాయింట్లు వెనక్కి పోతాయి.

మీ పాయింట్లకు విడి గడువు లేదు. వరుసగా 12 నెలలు ఒక్క కొనుగోలూ లేకపోతేనే ఖాతా ఖాళీ అవుతుంది. పథకంలో ఏ మార్పు చేసినా 60 రోజుల ముందు ఇక్కడా, దుకాణంలోనూ చెబుతాం. అప్పటికి మీ దగ్గరున్న పాయింట్లకు పాత విలువే ఉంటుంది."

చిన్న పోస్టు కాదని తెలుసు. అయినా ఇందులో ఒక్క పేరా తీసేసినా ఆ విషయమే కౌంటరు దగ్గర వాదనగా మారుతుంది. పోస్టర్‌కు మొదటి రెండు పేరాలు సరిపోతాయి. పూర్తి పాఠం మాత్రం ఒకచోట ఉండాలి, కౌంటరులో ఉన్నవారు దాన్ని చూపించగలగాలి.

కొన్ని వాక్యాల వెనుక కారణం వివరిస్తాను. "ఆ తర్వాతి బిల్లులో" అన్న మూడు మాటలు చాలా ముఖ్యం. ఒకరి ఖాతాలో 186 ఉన్నాయి, ఇప్పుడు 347 బిల్లు అయింది, 34 పాయింట్లు వచ్చాయి, మొత్తం 220. ఈ బిల్లులోనే 20 తగ్గించమని అడుగుతారు. తగ్గిస్తే బిల్లు 327 అవుతుంది, అప్పుడు వచ్చే పాయింట్లు 34 కాదు, 32. చాలా బిల్లింగ్ వ్యవస్థల్లో బిల్లు ముగిశాకే పాయింట్లు ఖాతాకు చేరతాయి. కాబట్టి అలా తగ్గించాలంటే బిల్లు రద్దు చేసి మళ్లీ వేయాలి, వరుసలో వెనుక నలుగురు నిలబడి ఉంటారు. తర్వాతి బిల్లుకే అని ముందే రాస్తే ఆ ఇబ్బంది రాదు.

ఆ మనిషే మరుసటి వారం వచ్చి 640 బిల్లు చేశారనుకోండి. 200 పాయింట్లు వాడి 620 చెల్లించారు. ఆ 620కి 62 పాయింట్లు వచ్చాయి. ఖాతాలో ఇప్పుడు 220లోంచి 200 పోగా 20, దానికి 62 కలిపి 82. బిల్లు అడుగున ఈ నాలుగు అంకెలూ అచ్చు కావాలి: పాత పాయింట్లు, వాడినవి, కొత్తవి, మిగిలినవి. ఇది పోస్టు కంటే పెద్ద ప్రకటన. ప్రతిసారీ కళ్ల ముందు అంకె పెరుగుతూ ఉంటే ఎవరూ మీ పోస్టు వెతుక్కుని నియమాలు చదవరు. మీ ప్రింటరులో ఈ వరుస వచ్చేలా చేయించాకే పథకం మొదలుపెట్టండి, అందుకోసం ఒక వారం వాయిదా పడ్డా ఫర్వాలేదు.

అదే బిల్లులోంచి 150 వస్తువు వాపసు వచ్చిందనుకుందాం. 15 పాయింట్లు తీసేస్తారు, 67 మిగులుతాయి. 20 తగ్గింపులో ఆ వస్తువు వాటా ఎంత అని పంచి లెక్క కడితే 4.69 వస్తుంది. సాఫ్ట్‌వేర్ అది చేయగలదు, కానీ మీ వినియోగదారుకు 150 బదులు 145.31 ఇస్తే ఎందుకో వివరించడానికే పది నిమిషాలు పడుతుంది. 150 ఇచ్చేయండి. బిల్లు మొత్తం వాపసు అయితే మాత్రం 620 డబ్బు, 200 పాయింట్లు తిరిగి ఇచ్చి, ఆ బిల్లుకు వచ్చిన 62 తీసేయండి. తగ్గింపు వాడని బిల్లు వాపసు వచ్చి, దానికి వచ్చిన పాయింట్లు అప్పటికే వాడేసి ఉంటే ఖాతా మైనస్‌లోకి వెళ్లవచ్చు. మీ సాఫ్ట్‌వేర్ మైనస్‌ను అనుమతిస్తుందో లేదో ముందే ఒక ఉత్తుత్తి ఖాతాతో పరీక్షించి చూడండి. కొన్నింటిలో అది సున్నా దగ్గర ఆగిపోతుంది, ఆ లొసుగు తెలిసినవారు కొని, వాడి, వాపసు ఇస్తూ ఉంటారు.

పాయింట్లు రాని వస్తువుల జాబితా కుదించండి. లాభం మరీ తక్కువ ఉన్న సరుకులన్నిటినీ మినహాయించాలని అనిపిస్తుంది. జాబితా మూడు నాలుగు రకాలు దాటితే జనానికి గుర్తుండదు, ప్రతి బిల్లుకూ అంచనా తప్పుతుంది, మీరు మోసం చేశారని అనుకుంటారు. నూటికి 12 అన్నది మీ సగటు, అందులో పలచటి లాభం ఉన్న సరుకులు ఇప్పటికే కలిసే ఉన్నాయి. వాటిని మళ్లీ మినహాయించనక్కర్లేదు. చట్టం అడ్డుపడేవి, మీకు అసలు లాభమే లేని సేవలు, ఈ రెండే వదిలేయండి. కొన్ని దేశాల్లో పొగాకు, మద్యం, పసిపిల్లల పాలపొడి లాంటి వాటిపై ప్రోత్సాహకాలు ఇవ్వడానికి ఆంక్షలున్నాయి. మీ దగ్గర ఏ నియమం ఉందో పోస్టు పెట్టే ముందే కనుక్కోండి.

అరువు మీద కొనేవారు మీ దుకాణంలో ఉంటే వారి పాయింట్లు సరుకు తీసుకున్న రోజు కాకుండా డబ్బు కట్టిన రోజు వేయండి. దీన్ని పోస్టులో రాయవద్దు. అరువు ఉన్నవారికి విడిగా, మర్యాదగా చెప్పండి. నలుగురికీ కనిపించేచోట అరువు ప్రస్తావన ఎవరికీ నచ్చదు.

ఫోను నంబరు విషయంలో ఒక జాగ్రత్త. కౌంటరు దగ్గర నంబరు పైకి చెబుతారు, వెనుక ఉన్నవారు వింటారు. పాయింట్లు చేర్చడానికి నంబరు చాలు, ఎవరో పొరపాటున మీ ఖాతాలో పాయింట్లు వేస్తే నష్టం లేదు. వాడుకోవడానికి మాత్రం కార్డో ఓటీపీయో ఉండాలని అందుకే రాశాను. ఫోను లేని పెద్దలకు కార్డు చూపితే చాలు, ఓటీపీ మాత్రమే అని పెడితే వారు బయటే ఉండిపోతారు.

బయటివారి కంటే లోపలి దుర్వినియోగం ఎక్కువ జరిగే చోటు ఇది. కార్డు లేనివారి బిల్లులకు వచ్చే పాయింట్లను కౌంటరులో ఉన్న మనిషి తన కార్డులోనో, స్నేహితుడి కార్డులోనో వేసుకోవడం తేలిక. పట్టుకోవడం కూడా తేలికే. రోజూ దుకాణం మూసేటప్పుడు ఆ రోజు అత్యధిక పాయింట్లు చేరిన పది ఖాతాల జాబితా తీయండి. మామూలు కుటుంబానికి రోజుకు ఒకటి రెండు బిల్లులు ఉంటాయి. ఒకే ఖాతాలో ఏడెనిమిది బిల్లులు, అదీ ఒకే మనిషి కౌంటరులో ఉన్న గంటల్లో కనిపిస్తే అడగాల్సిన విషయం అది. మీ దగ్గర పనిచేసేవారికి ఈ జాబితా రోజూ చూస్తారని మొదటి రోజే చెప్పేయండి, వారికి కూడా సొంత కార్డు ఇచ్చి సొంత కొనుగోళ్లకు పాయింట్లు వచ్చేలా చేయండి.

గడువు గురించి ఇంకో వివరణ ఇవ్వాలి. ఒక్కో పాయింటుకు విడి గడువు పెడితే ఖాతాలో ఏవి ఎప్పుడు పోతాయో ఎవరికీ చెప్పలేరు. "నిన్న 210 ఉన్నాయి, ఈరోజు 195 ఎలా అయ్యాయి?" అన్న ప్రశ్నకు కౌంటరులో సమాధానం ఉండదు. ఖాతా మొత్తానికి చివరి కొనుగోలు నుంచి లెక్క పెడితే, వస్తూ ఉన్నంతకాలం ఏదీ పోదని ఒక్క మాటలో చెప్పవచ్చు. 12 నెలలు పూర్తిగా రానివారు ఊరు మారి ఉండవచ్చు. వారి ఖాతా మూసే ముందు, 11వ నెలలో ఒక సందేశం పంపండి. అది ప్రచారం కాదు, వారి సొమ్ము గురించిన సమాచారం, కాబట్టి సందేశాలు వద్దన్నవారికి కూడా పంపవచ్చు. కాకపోతే ఈ మినహాయింపు కార్డు ఇచ్చేటప్పుడే చెప్పి ఉంచండి.

పోస్టు పెట్టాక మొదటి రెండు రోజులు వ్యాఖ్యలకు మీరే సమాధానం ఇవ్వండి. తప్పకుండా వచ్చే ప్రశ్న: "మేము ఎప్పటినుంచో మీ దగ్గరే కొంటున్నాం, పాత కొనుగోళ్లకు పాయింట్లు లేవా?" లేవని సూటిగా చెప్పి, చేరగానే ఇచ్చే 50 పాయింట్లు గుర్తుచేయండి. ఒకరికి మినహాయింపు ఇస్తే సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది. రెండో ప్రశ్న ధరల గురించి ఉంటుంది: కార్డు పెట్టి ధరలు పెంచుతున్నారా అని. ఈ అనుమానం సహజం, దానికి సమాధానం మాటల్లో ఉండదు. పథకం మొదలయ్యే వారంలోనూ, ఆ తర్వాతి నెలలోనూ మీ చేతిలో ఉన్న ధరలు కదిలించకండి. సరఫరాదారు పెంచితే తప్పదు, అప్పుడు పాత బిల్లు చూపించి చెప్పండి.

మూడు నెలల తర్వాత రెండు అంకెలు చూడండి. మొత్తం అమ్మకంలో కార్డు చూపించిన బిల్లుల వాటా ఎంత, కనీసం ఒకసారి తగ్గింపు వాడుకున్న కార్డులు ఎన్ని. మొదటిది పెరుగుతూ రెండోది పెరగకపోతే జనం కార్డు చూపిస్తున్నారు కానీ వాడుకోవడం తెలియడం లేదు. అప్పుడు కౌంటరులో ఉన్నవారు 200 దాటిన ప్రతి ఒక్కరినీ "ఈ బిల్లులో 20 తగ్గించమంటారా?" అని అడగాలి. 100 దగ్గర 109 కొంటున్నారా లేదా అన్నది తేలాలంటే అదే కుటుంబాల మునుపటి నెలల బిల్లులు కావాలి, అవి మీ దగ్గర పేరుతో ఉండవు. అందుకని చేరేవారిలో కొందరిని, నెలకు సుమారు ఎంత కొంటారని దరఖాస్తులోనే అడిగి రాసుకోండి. కచ్చితంగా ఉండదు, కానీ ఏడాది తర్వాత రేటు ఉంచాలా, మార్చాలా అని నిర్ణయించేటప్పుడు పోల్చుకోవడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.